షార్ప్ ఒక ఫండ్‌ని, ట్రేనర్ మరో ఫండ్‌ని మొదట నిలబెడితే జవాబు ఏం రాయాలి?

సీఏ ఫైనల్ ఏఎఫ్ఎంలో పోర్ట్‌ఫోలియో లెక్కలు మొదలుపెట్టిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "సార్, షార్ప్ ప్రకారం బి ఫండ్ ఫస్ట్ వచ్చింది, ట్రేనర్ ప్రకారం సి వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?" చాలాసార్లు తప్పేమీ ఉండదు. రెండు ర్యాంకులు వేరుగా రావాలనే ఆ లెక్క ఇచ్చారు. ఎందుకు వేరయ్యాయో రెండు వాక్యాల్లో రాస్తారా లేదా అన్నదే అక్కడ పరీక్ష. సీఎంఏ, ఎంబీఏ వాళ్ల ప్రశ్నలూ ఇదే తరహాలో ఉంటాయి. అందుకే ఒక లెక్కని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తున్నాను. పక్కన కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని చదవండి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ప్రతి ఫండ్ సగటు రాబడి
- రిస్క్-ఫ్రీ రేటు (ప్రశ్నలో ట్రెజరీ బిల్లు రేటు అని ఇస్తే అదే)
- ప్రతి ఫండ్ స్టాండర్డ్ డీవియేషన్, బీటా
- మార్కెట్ ఇండెక్స్ రాబడి, దాని స్టాండర్డ్ డీవియేషన్
- స్క్వేర్ రూట్ బటన్ ఉన్న మామూలు 12 అంకెల కాలిక్యులేటర్

సూత్రాలు రెండే.

```
Sharpe  = (Rp - Rf) / SDp
Treynor = (Rp - Rf) / Beta_p
```

రెండింటిలోనూ పైన ఉన్నది ఒకటే, రిస్క్-ఫ్రీ రేటు తీసేశాక మిగిలిన అదనపు రాబడి. కింద మాత్రం షార్ప్‌లో ఫండ్ ఊగిసలాట మొత్తం ఉంటుంది. ట్రేనర్‌లో ఆ ఊగిసలాటలో మార్కెట్‌తో పాటు కదిలే భాగమే ఉంటుంది. సిద్ధాంతం ఇంతకు మించి అవసరం లేదు.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. కొన్ని ప్రశ్నల్లో షార్ప్, ట్రేనర్ అనే పేర్లే కనిపించవు. 'రివార్డ్ టు వేరియబిలిటీ' అని ఉంటే షార్ప్. 'రివార్డ్ టు వోలటిలిటీ' అని ఉంటే ట్రేనర్. ట్రేనర్ తన కొలతని 1965లో ప్రచురించాడు. మరుసటి ఏడాది షార్ప్ తన వ్యాసంలో ఈ రెండు పేర్లనూ వాడాడు. వినడానికి ఒకేలా ఉండే మాటలు కాబట్టి ఇక్కడే తారుమారు చేసే వాళ్లు చాలామంది. వేరియబిలిటీ అంటే స్టాండర్డ్ డీవియేషన్, వోలటిలిటీ అంటే ఈ సందర్భంలో బీటా అని గుర్తుపెట్టుకోండి.

మనం చేయబోయే లెక్క

రిస్క్-ఫ్రీ రేటు 7 శాతం. మార్కెట్ ఇండెక్స్ రాబడి 13 శాతం, దాని స్టాండర్డ్ డీవియేషన్ 15 శాతం. ఫండ్లు మూడు:

| ఫండ్ | రాబడి (%) | రిస్క్ వివరం | బీటా |
|---|---|---|---|
| ఎ | 15.4 | స్టాండర్డ్ డీవియేషన్ 20% | 1.25 |
| బి | 14 | వేరియన్స్ 256 | 1.00 |
| సి | 13 | స్టాండర్డ్ డీవియేషన్ 20% | 0.75 |

సి ఫండ్‌ని ఫార్మా లాంటి ఒకే రంగంలో పెట్టే ఫండ్ అనుకోండి. తనకు తానుగా బాగా ఊగుతుంది, కానీ మార్కెట్ వెంట అంతగా నడవదు.

1. ఇచ్చినవన్నీ ఒకే కొలతలోకి తెచ్చుకోండి

బి వరసలో స్టాండర్డ్ డీవియేషన్ లేదు, వేరియన్స్ ఉంది. ఆన్సర్ షీట్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడిదే. ఒక అమ్మాయి పేపర్‌లో స్టెప్పులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. బి ఫండ్ దగ్గర మాత్రం 7 ÷ 256 = 0.027 అని రాసి, బి ని చివరి ర్యాంకులో పెట్టేసింది. మిగతా రెండు ఫండ్లకూ 0.3, 0.4 వస్తుంటే దీనికొక్కదానికే 0.027 రావడం ఆమెకు అనుమానం కలిగించలేదు. ఒక ఫండ్ జవాబు మిగతావాటికి పది రెట్లు దూరంగా వస్తే ముందు వేరియన్స్‌ని వర్గమూలం తీయకుండా వాడారేమో చూసుకోండి. 256 వర్గమూలం 16. బి స్టాండర్డ్ డీవియేషన్ 16 శాతం.

రెండో జాగ్రత్త శాతాలది. పైనా కిందా రెండూ శాతాల్లో పెట్టండి, లేదా రెండూ దశాంశాల్లో పెట్టండి. షార్ప్ ఎలా చేసినా ఒకే అంకె వస్తుంది. ట్రేనర్ అలా కాదు, బీటాకి శాతం ఉండదు కాబట్టి శాతాల్లో చేస్తే 8, దశాంశాల్లో చేస్తే 0.08 వస్తుంది. రెండూ సరైనవే. ఒక ఫండ్‌కి ఒకలా, ఇంకో ఫండ్‌కి ఇంకోలా చేస్తేనే చిక్కు. నేనైతే శాతాల్లోనే చేయమంటాను, సున్నాలు తగ్గుతాయి.

మూడోది కాలం. నెలవారీ సగటు రాబడి 1.2 శాతం, నెలవారీ స్టాండర్డ్ డీవియేషన్ 4 శాతం ఇచ్చి, రిస్క్-ఫ్రీ రేటు మాత్రం ఏడాదికి 6 శాతం అని ఇస్తారు. 1.2 లోంచి 6 తీసేస్తే మైనస్ వస్తుంది, అక్కడే ఆగాలి. నెలకు 0.5 శాతం తీయాలి. అదనపు రాబడి 0.7, నెలవారీ షార్ప్ 0.175. దీన్ని ఏడాదికి మార్చమంటే 12 వర్గమూలంతో గుణిస్తే సుమారు 0.61 వస్తుంది. ట్రేనర్‌ని ఏడాదికి మార్చాలంటే మాత్రం నేరుగా 12తో గుణించాలి. ఎందుకంటే స్టాండర్డ్ డీవియేషన్ కాలం వర్గమూలంతో పెరుగుతుంది, బీటా నెలకైనా ఏడాదికైనా అదే అంకెగా తీసుకుంటాం.

2. అదనపు రాబడిని ముందే విడిగా రాసుకోండి

ఎ: 15.4 − 7 = 8.4. బి: 14 − 7 = 7. సి: 13 − 7 = 6. మార్కెట్: 13 − 7 = 6.

ఈ ఒక్క వరస విడిగా రాసుకుంటే రెండు రేషియోలకూ పనికొస్తుంది, కాలిక్యులేటర్ తప్పులూ తగ్గుతాయి. ఇంట్లో ఫోన్ మీద ప్రాక్టీస్ చేసి, పరీక్షకు మామూలు కాలిక్యులేటర్ పట్టుకెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. 15.4 − 7 ÷ 20 అని వరసగా నొక్కితే మామూలు కాలిక్యులేటర్ ముందు తీసివేసి, తర్వాత భాగిస్తుంది. జవాబు 0.42, సరైనదే. ఫోన్ మాత్రం భాగహారం ముందు చేసి 15.05 చూపిస్తుంది. క్యాప్‌ఎం లెక్కలో ఇది తిరగబడుతుంది. 7 + 1.25 × 6 నొక్కితే ఫోన్ 14.5 అని సరిగ్గా ఇస్తుంది, మామూలు కాలిక్యులేటర్ 49.5 ఇస్తుంది. ఆ లెక్కకి ముందు 1.25 × 6 చేసి, తర్వాత 7 కలపండి. పరీక్షకు తీసుకెళ్లే కాలిక్యులేటర్‌తోనే ఇంట్లోనూ లెక్కలు చేస్తే ఈ గందరగోళం ఉండదు.

ఇంకో మాట. షార్ప్‌లో గానీ ట్రేనర్‌లో గానీ ఫండ్ రాబడి లోంచి తీసేది రిస్క్-ఫ్రీ రేటే. మార్కెట్ రాబడిని తీయకండి. ప్రశ్నలో మార్కెట్ రాబడి కనిపించగానే దాన్ని ఎక్కడో ఒకచోట వాడాలనిపిస్తుంది. ఫండ్ల రేషియోల్లో దానికి చోటు లేదు. మార్కెట్ సొంత రేషియోలు కట్టి పోల్చడానికే అది కావాలి.

3. రెండు రేషియోలూ కట్టండి, మార్కెట్‌కి కూడా

| | షార్ప్ | ర్యాంకు | ట్రేనర్ | ర్యాంకు |
|---|---|---|---|---|
| ఎ | 8.4 ÷ 20 = 0.4200 | 2 | 8.4 ÷ 1.25 = 6.72 | 3 |
| బి | 7 ÷ 16 = 0.4375 | 1 | 7 ÷ 1.00 = 7.00 | 2 |
| సి | 6 ÷ 20 = 0.3000 | 3 | 6 ÷ 0.75 = 8.00 | 1 |
| మార్కెట్ | 6 ÷ 15 = 0.4000 | | 6 ÷ 1 = 6.00 | |

మార్కెట్ వరసని వదిలేయకండి. ఫండ్లని ఒకదానితో ఒకటి పోల్చడం సగం పనే. మార్కెట్‌ని దాటాయా లేదా అన్నది మిగతా సగం. ఇక్కడ సి ఫండ్ షార్ప్ ప్రకారం మార్కెట్ కంటే వెనకబడింది, ట్రేనర్ ప్రకారం మార్కెట్‌తో పాటు ఎ, బి లనూ దాటేసింది. ఒకే ఫండ్ ఒక కొలతలో అన్నిటికంటే చివర, ఇంకో కొలతలో అన్నిటికంటే ముందు. ఎ, బి ల వరస మాత్రం రెండింటిలోనూ మారలేదు, ఎప్పుడూ బి యే ముందు.

షార్ప్‌కి నాలుగు దశాంశాల దాకా ఉంచండి. 0.42, 0.44 దగ్గర ఫరవాలేదు గానీ, కొన్ని లెక్కల్లో మూడో అంకె దగ్గరే ర్యాంకు తేలుతుంది.

4. ర్యాంకు ఎందుకు మారిందో ఒక్క అంకెతో తేల్చండి

"సి ఫండ్ డైవర్సిఫై కాలేదు" అని చాలామంది రాసేస్తారు. మాట నిజమే, కానీ దానికి ఆధారం చూపించాలి. ఆధారం ఫండ్‌కీ మార్కెట్‌కీ మధ్య ఉన్న కోరిలేషన్.

```
Correlation = Beta_p x SDm / SDp
```

ఎ: 1.25 × 15 ÷ 20 = 0.9375. బి: 1.00 × 15 ÷ 16 = 0.9375. సి: 0.75 × 15 ÷ 20 = 0.5625.

ఎ, బి ల కోరిలేషన్ ఒకటే. అందుకే వాటి మధ్య వరస మారలేదు. సి ఒక్కటే తక్కువ. దాని 20 శాతం ఊగిసలాటలో పెద్ద భాగం మార్కెట్‌తో సంబంధం లేనిది. షార్ప్ ఆ భాగానికి కూడా శిక్ష వేస్తుంది, ట్రేనర్ దాన్ని పట్టించుకోదు.

ఇదే అంకెతో మీ జవాబులు సరిచూసుకోవచ్చు కూడా.

```
Treynor = Sharpe x SDm / Correlation
```

సి కి: 0.30 × 15 ÷ 0.5625 = 8.00. మూడో స్టెప్‌లో వచ్చిందే వచ్చింది. రాకపోతే ఎక్కడో భాగహారం తప్పింది.

ఇంకో ఉపయోగం ఉంది. కోరిలేషన్ 1 దాటకూడదు. ఒకవేళ ఫండ్ బీటా 1.5, స్టాండర్డ్ డీవియేషన్ 18, మార్కెట్ స్టాండర్డ్ డీవియేషన్ 15 అని ఉంటే 1.25 వస్తుంది. అలా రావడం అసాధ్యం. అప్పుడు ముందు మీరు అంకె తప్పు ఎక్కించుకున్నారేమో చూడండి, తర్వాత వేరియన్స్ దగ్గర చూడండి. రెండూ సరిగానే ఉంటే ప్రశ్నలోనే అంకెలు పొసగలేదని అర్థం. పరీక్షలో అయితే ఆ సంగతి ఒక వాక్యంలో రాసి, ఇచ్చిన అంకెలతోనే లెక్క ముగించండి. దానితో కుస్తీ పడుతూ టైం పోగొట్టుకోకండి.

5. ఏ ర్యాంకు నమ్మాలో ప్రశ్న మాటల్లోనే వెతకండి

అసలు జవాబు ఇక్కడుంది. ఇన్వెస్టర్ దగ్గర ఈ ఫండ్ ఒక్కటే ఉంటుందా, లేక చాలా వాటిలో ఇదొకటా?

తన పొదుపంతా ఒకే ఫండ్‌లో పెడుతున్న మనిషికి ఊగిసలాట మొత్తం నెత్తిన పడుతుంది. అది మార్కెట్ వల్ల పడిందా, ఒక కంపెనీ వల్ల పడిందా అన్న తేడా ఆయన జేబుకు తెలియదు. ఆయనకు షార్ప్ చెప్పిందే వినాలి, అంటే బి. ఇప్పటికే రకరకాల షేర్లు, ఫండ్లు ఉన్న పెద్ద పోర్ట్‌ఫోలియోలో ఇంకో చిన్న ముక్కగా చేరుస్తుంటే సి ఫండ్ సొంత ఊగిసలాట చాలావరకు కలిసిపోతుంది. అప్పుడు ట్రేనర్ మాట వినాలి, అంటే సి.

ఈ మాట పుస్తకాలన్నిట్లోనూ ఉంటుంది. నిజమేనా అని ఒకసారి లెక్క వేసి చూస్తే ఇక మర్చిపోరు. ఒక ఇన్వెస్టర్ డబ్బంతా మార్కెట్ ఇండెక్స్ ఫండ్‌లో ఉందనుకోండి, షార్ప్ 0.4000. అందులోంచి 10 శాతం తీసి సి లో పెడితే:

అదనపు రాబడి = 0.9 × 6 + 0.1 × 6 = 6. సి కీ మార్కెట్‌కీ కోవేరియన్స్ = 0.75 × 225 = 168.75. వేరియన్స్ = 0.81 × 225 + 0.01 × 400 + 2 × 0.9 × 0.1 × 168.75 = 216.625. స్టాండర్డ్ డీవియేషన్ 14.718. కొత్త షార్ప్ 0.4077.

ఇదే 10 శాతం బి లో పెడితే 0.4064 వస్తుంది, ఎ లో పెడితే 0.4054. అంటే సి, బి, ఎ. సరిగ్గా ట్రేనర్ చెప్పిన వరసే. విడిగా చూస్తే మార్కెట్ కంటే వెనకబడిన సి ఫండ్, చిన్న ముక్కగా చేరినప్పుడు అందరికంటే ఎక్కువ మేలు చేసింది.

ఇప్పుడు 10కి బదులు 20 శాతం పెట్టి చూడండి. సి తో 0.4102, బి తో 0.4122. వరస తిరగబడింది. సి వాటా పెరిగేకొద్దీ దాని సొంత ఊగిసలాట పోర్ట్‌ఫోలియోలో మళ్లీ కనిపించడం మొదలవుతుంది. కాబట్టి "పోర్ట్‌ఫోలియోలో భాగం అయితే ట్రేనర్" అని గుడ్డిగా రాయకండి. "బాగా డైవర్సిఫై అయిన పోర్ట్‌ఫోలియోలో చిన్న భాగం అయితే" అని రాయండి. ఆ 'చిన్న' అన్న మాట చాలామంది జవాబుల్లో ఉండదు.

ప్రశ్నలో ఈ వివరం ఏదీ ఇవ్వకపోతే? రెండు ర్యాంకులూ ఇచ్చి, ఒక్కోదానికి ఏ ఇన్వెస్టర్ అయితే వర్తిస్తుందో రాయండి. ఒక్కదాన్నే ఎంచి "ఇదే బెస్ట్" అని తేల్చేస్తే మార్కులు పోయే ప్రమాదం ఉంది.

6. ఏటేటా రాబడులు మాత్రమే ఇస్తే

కొన్ని లెక్కల్లో స్టాండర్డ్ డీవియేషన్, బీటా మనమే కట్టుకోవాలి. ఐదేళ్ల ఫండ్ రాబడులు 12, 18, 6, 20, 14. మార్కెట్ రాబడులు 10, 15, 6, 16, 13. సగటులు 14, 12.

సగటు నుంచి తేడాలు: ఫండ్‌కి −2, 4, −8, 6, 0. మార్కెట్‌కి −2, 3, −6, 4, 1. రెండు వరసలూ విడివిడిగా కూడితే సున్నా రావాలి. రాకపోతే ముందుకు వెళ్లకండి, సగటు తప్పింది.

ఫండ్ తేడాల వర్గాల మొత్తం 120. మార్కెట్‌ది 66. రెండు తేడాల లబ్ధాల మొత్తం 88. బీటా = 88 ÷ 66 = 1.33. 120ని 5తో భాగించి వర్గమూలం తీస్తే ఫండ్ స్టాండర్డ్ డీవియేషన్ 4.90.

5తో భాగించాలా, 4తో భాగించాలా అని టెన్షన్ పడకండి. 4తో భాగిస్తే 5.48 వస్తుంది, షార్ప్ అంకె మారుతుంది. కానీ అన్ని ఫండ్లకీ ఒకేలా చేస్తే ర్యాంకు మారదు. బీటా దగ్గర మాత్రం ఒప్పుకోకూడని తప్పు ఒకటుంది. కోవేరియన్స్‌ని 5తో భాగించి 17.6 అని, మార్కెట్ వేరియన్స్‌ని 4తో భాగించి 16.5 అని తీసుకుంటే బీటా 1.07 అవుతుంది. అసలు బీటా 1.33. ఆ ప్రమాదం లేకుండా ఉండాలంటే పైన చేసినట్టు మొత్తాలనే భాగించండి, 5 అయినా 4 అయినా పైనా కిందా కొట్టేసుకుపోతుంది.

ఇంట్లో ఎక్సెల్‌లో సరిచూసుకోవాలంటే ఫండ్ రాబడులు బి కాలమ్‌లో, మార్కెట్‌వి సి కాలమ్‌లో పెట్టి:

```
=AVERAGE(B2:B6)
=STDEV.P(B2:B6)
=SLOPE(B2:B6,C2:C6)
```

మూడోది బీటా. అందులో ఫండ్ కాలమ్ ముందు రావాలి. తిప్పి రాస్తే 1.33కి బదులు 0.73 వస్తుంది, ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

రాబడులు కూడా ఇవ్వకుండా ఎన్ఏవీలు మాత్రమే ఇస్తే, ఎన్ఏవీ పెరుగుదలకి ఆ ఏడాది పంచిన డివిడెండ్, క్యాపిటల్ గెయిన్ రెండూ కలిపి, ఏడాది మొదటి ఎన్ఏవీతో భాగించండి. డివిడెండ్ కలపడం మర్చిపోతే ఎక్కువ పంచిన ఫండ్‌కి అన్యాయం జరుగుతుంది.

7. మైనస్ అంకెలు వస్తే ఆగండి

మార్కెట్ పడిపోయిన ఏడాది లెక్క ఇస్తారు. రిస్క్-ఫ్రీ 7 శాతం, రెండు ఫండ్లూ 5 శాతమే ఇచ్చాయి. ఒకదాని స్టాండర్డ్ డీవియేషన్ 10, ఇంకోదానిది 20. షార్ప్ −0.2, −0.1 వస్తాయి. అంకెల ప్రకారం −0.1 పెద్దది, అంటే ఎక్కువ ఊగిన ఫండే మెరుగని తేలుతుంది. రాబడి ఒకటే అయినప్పుడు తక్కువ ఊగిందే మెరుగని ఎవరికైనా తెలుసు. అదనపు రాబడి మైనస్ అయితే రేషియో కట్టి చూపించండి గానీ, దానితో ర్యాంకు ఇవ్వకండి. ఎందుకు ఇవ్వలేదో ఒక వాక్యం రాయండి.

బీటా మైనస్ అయినప్పుడు ట్రేనర్ ఇంకా మోసం చేస్తుంది. మన లెక్కలోని మార్కెట్‌కే బీటా −0.2, రాబడి 10 శాతం ఉన్న ఫండ్ తీసుకోండి. ట్రేనర్ 3 ÷ (−0.2) = −15, అన్నిటికంటే అట్టడుగు. కానీ క్యాప్‌ఎం ప్రకారం ఆ ఫండ్ ఇవ్వాల్సింది 7 − 0.2 × 6 = 5.8 శాతమే, ఇచ్చింది 10. మంచి ఫండ్‌ని ట్రేనర్ చివరికి నెట్టేసింది. ఇలాంటప్పుడు క్యాప్‌ఎం రాబడితో పోల్చి చెప్పండి.

8. ట్రేనర్‌ని జెన్సెన్ ఆల్ఫాతో సరిచూడండి

చాలా ప్రశ్నల్లో ఆల్ఫా కూడా అడుగుతారు కాబట్టి ఇది శ్రమ దండగ కాదు. సి ఇవ్వాల్సింది 7 + 0.75 × 6 = 11.5, ఇచ్చింది 13, ఆల్ఫా 1.5. దాన్ని బీటాతో భాగిస్తే 2. సి ట్రేనర్‌కీ మార్కెట్ ట్రేనర్‌కీ తేడా 8 − 6 = 2. రెండూ కలవాలి. బి కి ఆల్ఫా 1, తేడా 1. ఎ కి ఆల్ఫా 0.9, దాన్ని 1.25తో భాగిస్తే 0.72, తేడా కూడా 0.72. బీటా ప్లస్ అయినంతకాలం, ఆల్ఫా ప్లస్ ఉన్న ఫండ్ ట్రేనర్‌లో మార్కెట్‌ని దాటి తీరాలి. దాటకపోతే రెండింట్లో ఒకటి తప్పు.

నిజమైన ఫ్యాక్ట్‌షీట్లతో ప్రాక్టీస్ చేసేవాళ్లకి

మ్యూచువల్ ఫండ్ల నెలవారీ ఫ్యాక్ట్‌షీట్లలో స్టాండర్డ్ డీవియేషన్, బీటా, షార్ప్ ఇస్తారు. ప్రాక్టీస్‌కి మంచివే, కానీ ఒక ఉచ్చు ఉంది. అక్కడి బీటా ఆ ఫండ్ సొంత బెంచ్‌మార్క్‌తో పోల్చి కట్టింది. ఫార్మా ఫండ్ బీటా ఫార్మా ఇండెక్స్ మీద, లార్జ్ క్యాప్ ఫండ్ బీటా లార్జ్ క్యాప్ ఇండెక్స్ మీద ఉంటుంది. ఆ రెండు బీటాలతో ట్రేనర్ కట్టి పోలిస్తే ఒకదాన్ని గజాల్లో, ఇంకోదాన్ని మీటర్లలో కొలిచినట్టే. ట్రేనర్ పోలికకి అన్ని ఫండ్ల బీటా ఒకే ఇండెక్స్ మీద కట్టాలి. షార్ప్‌కి ఈ బెడద లేదు. ఏ కాలానికి, ఏ రిస్క్-ఫ్రీ రేటుతో కట్టారో మాత్రం పేజీ కింద చిన్న అక్షరాల్లో చూసి, రెండు ఫండ్లకీ ఒకటే అని తేల్చుకోండి.

మీరు చేయాల్సిన లెక్క

రిస్క్-ఫ్రీ రేటు 6 శాతం, మార్కెట్ రాబడి 11 శాతం, మార్కెట్ స్టాండర్డ్ డీవియేషన్ 12 శాతం. పి ఫండ్: రాబడి 12 శాతం, వేరియన్స్ 225, బీటా 1.0. క్యూ ఫండ్: రాబడి 10.5 శాతం, స్టాండర్డ్ డీవియేషన్ 10 శాతం, బీటా 0.8. రిటైరైన ఒకాయన తన డబ్బంతా వీటిలో ఒకదాంట్లోనే పెట్టాలనుకుంటున్నారు. ఒక పెద్ద పెన్షన్ ఫండ్ తన పోర్ట్‌ఫోలియోలో చిన్న వాటాగా ఒకటి చేర్చాలనుకుంటోంది. ఎవరికి ఏది?

చేశాక ఇక్కడ చూసుకోండి. షార్ప్: పి 0.40, క్యూ 0.45, మార్కెట్ 0.4167. ట్రేనర్: పి 6.00, క్యూ 5.625, మార్కెట్ 5.00. కోరిలేషన్: పి 0.80, క్యూ 0.96. రిటైరైన ఆయనకు క్యూ, పెన్షన్ ఫండ్‌కి పి. మీ కాగితం మీద పి షార్ప్ 0.0267 అని ఉంటే ఒకటో స్టెప్ మళ్లీ చదవండి.